ఊపిరితిత్తిలో రెండు తెలుపులు: వైరల్ న్యుమోనియా సీటీలో గ్రౌండ్ గ్లాస్, కన్సాలిడేషన్

2021 ఏప్రిల్, మే నెలల్లో కొవిడ్ రెండో ఉద్ధృతి నడుస్తుండగా తెలుగు ఇళ్లలో ఒక కొత్త లెక్క వినిపించేది. ఎవరికైనా జబ్బు చేసిందని తెలిస్తే మొదటి ప్రశ్న "స్కోరెంత?" అనే. 25కి 8 అంటే ఊపిరి పీల్చుకునేవారు, 25కి 16 అంటే మంచాల కోసం ఫోన్లు మొదలయ్యేవి. ఆ అంకెకు పైన స్కాన్ రిపోర్టులో నాలుగైదు ఇంగ్లిష్ వాక్యాలుండేవి. వాటిలో రెండు మాటలు పదేపదే కనిపించేవి: గ్రౌండ్ గ్లాస్ ఒపాసిటీ, కన్సాలిడేషన్. అంకె అందరికీ గుర్తుంది, ఆ మాటలు గుర్తున్నవాళ్లు తక్కువ.

నిజానికి జబ్బు ఏ దశలో ఉంది, ఎటు పోతోంది, ఇది వైరస్ పనేనా అన్న ప్రశ్నలకు జవాబు దొరికేది అంకెలో కంటే ఆ మాటల్లోనే. వాటి గురించి రెండు అపోహలు బాగా స్థిరపడ్డాయి. మసక అంటే వైరస్, గట్టి తెలుపు అంటే బ్యాక్టీరియా అన్నది మొదటిది. మసక అంటే తక్కువ జబ్బు, గట్టి తెలుపు అంటే ఎక్కువ జబ్బు అన్నది రెండోది. రెండింటిలోనూ కొంత నిజముంది, రెండూ తప్పుదారి పట్టించగలవు. సీటీలో ఆ తెలుపు కొలిచేది ఒక్కటే: ఆ చోట గాలి ఎంత మిగిలింది అని. గాలి స్థానంలోకి వచ్చింది ఏమిటో, ఎందుకు వచ్చిందో చెప్పాలంటే జబ్బు ఎన్నో రోజో తెలియాలి, మచ్చ ఎక్కడుందో చూడాలి, దానికి తోడుగా ఇంకేమున్నాయో వెతకాలి. ఈ వ్యాసం కొవిడ్ న్యుమోనియాను ప్రధాన ఉదాహరణగా తీసుకుని ఆ సంగతే పరిశీలిస్తుంది. వైరల్ న్యుమోనియా సీటీ చిత్రాలు ఇంత పెద్ద సంఖ్యలో, రోజుల వారీగా పోగుపడిన సందర్భం అంతకుముందు లేదు.

తెలుపు వెనక ఉన్న లెక్క

సీటీ చిత్రంలో ప్రతి చుక్కకూ ఒక సంఖ్య ఉంటుంది. ఈ యంత్రాన్ని రూపొందించి 1979లో నోబెల్ పొందిన గాడ్‌ఫ్రీ హౌన్స్‌ఫీల్డ్ పేరుతోనే ఆ కొలత నడుస్తోంది. ఆ కొలతలో గాలి మైనస్ 1000, నీరు 0, మెత్తటి కణజాలం సుమారు 40. ఆరోగ్యంగా ఉన్న ఊపిరితిత్తి, నిండుగా గాలి పీల్చి ఉన్నప్పుడు, మైనస్ 850 దగ్గర ఉంటుంది. అంటే అక్కడ దాదాపు 85 శాతం గాలి, మిగిలింది గోడలు, రక్తం. తెర మీద అది దాదాపు నల్లగా కనిపిస్తుంది.

ఒక చోట గాలి సగానికి తగ్గి, మిగతా సగం ద్రవమో కణాలో ఆక్రమించాయనుకుందాం. సగటు లెక్కేస్తే మైనస్ 500 చుట్టుపక్కల వస్తుంది. తెర మీద అది బూడిద రంగు మసక. గ్రౌండ్ గ్లాస్ అంటే ఇదే. గాలి పూర్తిగా పోతే సంఖ్య సున్నా దాటి కణజాలానికి దగ్గరవుతుంది, తెర మీద గట్టి తెలుపు కనిపిస్తుంది. అది కన్సాలిడేషన్.

ఇక్కడ గుర్తుంచుకోవాల్సిన పరిమితి ఒకటుంది. ఊపిరితిత్తిలోని ఒక్కో గాలిగది వ్యాసం మిల్లీమీటరులో ఐదో వంతు. సీటీ చిత్రంలోని అతి చిన్న ఘనం ఒక్కో వైపు సుమారు ముప్పావు మిల్లీమీటరు నుంచి మిల్లీమీటరు దాకా ఉంటుంది. ఆ ఒక్క ఘనంలో పదుల కొద్దీ గాలిగదులు ఇముడుతాయి. అంటే స్కానర్ ఏ గాలిగదినీ విడిగా చూడలేదు, వాటి సగటును మాత్రమే చూపిస్తుంది. సగం గదులు పూర్తిగా నిండి సగం ఖాళీగా ఉన్నా, అన్ని గదుల గోడలూ వాచి లోపల గాలి కొంత మిగిలి ఉన్నా, గదులు కొంత ముడుచుకుపోయినా, కేశనాళికల్లో రక్తం పెరిగినా కనిపించేది అదే మసక. అందుకే మసకను చూసి వెంటనే కారణం చెప్పలేం. గాలి తగ్గిందన్నది మాత్రం ఖాయం.

గుర్తుపట్టే పద్ధతి

ఛాతీ చిత్రాలలో వాడే పదాలకు ఫ్లైష్నర్ సొసైటీ అనే నిపుణుల సంఘం నిర్వచనాలు ఇచ్చింది. 2008లో వచ్చిన వారి పదకోశాన్ని, 2024లో వచ్చిన దాని సవరణను ప్రపంచమంతా అనుసరిస్తోంది. వారి గీటురాయి చాలా సూటిగా ఉంటుంది. తెల్లబడిన చోట రక్తనాళాల, వాయునాళాల అంచులు ఇంకా కనిపిస్తుంటే అది గ్రౌండ్ గ్లాస్. ఆ అంచులు తెలుపులో కలిసిపోతే అది కన్సాలిడేషన్. పొగమంచు కమ్మిన పొలంలో చెట్ల ఆకారాలు కనబడుతూనే ఉంటాయి, గోడ అడ్డొస్తే వెనకున్నదేదీ కనబడదు. తేడా అంతే.

కన్సాలిడేషన్‌లో రక్తనాళాలు కలిసిపోవడానికి కారణం వాటి చుట్టూ ఉన్న గాలి పోవడమే. నాళంలోని రక్తమూ, దాని చుట్టూ నిండిన ద్రవమూ దాదాపు ఒకే సంఖ్య చూపిస్తాయి కాబట్టి అంచు మాయమవుతుంది. వాయునాళంలో గాలి మిగిలి ఉంటే మాత్రం అది తెల్లటి నేపథ్యంలో నల్లటి కొమ్మలా బయటపడుతుంది. దాన్నే ఎయిర్ బ్రాంకోగ్రామ్ అంటారు.

రేడియాలజిస్టు దీన్ని రెండు అమరికల్లో చూస్తారు. ఊపిరితిత్తి కోసం ఉన్న విశాలమైన అమరికలో మసక, గట్టి తెలుపు రెండూ కనిపిస్తాయి. గుండె, పెద్ద నాళాల కోసం వాడే మీడియాస్టైనల్ విండోకు మారిస్తే మసక దాదాపు మాయమవుతుంది, కన్సాలిడేషన్ నిలిచి ఉంటుంది. రెండూ కలగలిసిన చోట ఎంత భాగం గట్టిపడిందో తేల్చడానికి ఇది పనికొచ్చే చిట్కా.

తప్పు జరిగేది కూడా ఇక్కడే. రోగి ఊపిరి పూర్తిగా పీల్చకుండా వదిలేస్తున్నప్పుడు స్కాన్ తీస్తే ఊపిరితిత్తి అంతా మసకగా వస్తుంది. శ్వాసనాళం వెనక గోడ లోపలికి వంగి ఉంటే ఆ స్కాన్ ఊపిరి వదిలినప్పుడు తీసిందని అర్థం. ఆయాసపడే రోగి ఊపిరి బిగబట్టలేడు కాబట్టి కొవిడ్ వార్డుల్లో ఇది అరుదైన సమస్యేమీ కాదు. అలాగే వెల్లకిలా పడుకున్న మనిషికి వీపు వైపు ఊపిరితిత్తి తన బరువుకే కొంత నలిగి మసకగా కనిపిస్తుంది. బోర్లా పడుకోబెట్టి మళ్లీ తీస్తే అది పోతుంది, నిజమైన జబ్బయితే నిలుస్తుంది. దీనికి ఎదురు సమస్య కూడా ఉంది. మసక రెండు ఊపిరితిత్తులనూ సమానంగా కమ్మేస్తే, పోల్చుకోవడానికి నల్లటి భాగమే మిగలక, చూసేవారి కన్ను దాన్ని మామూలేనని దాటిపోవచ్చు. అలాంటప్పుడు వాయునాళం లోపలి గాలిని చుట్టూ ఉన్న ఊపిరితిత్తితో పోల్చాలి. నాళం మరీ నల్లగా ఎత్తి చూపుతుంటే చుట్టూ ఉన్నది మసకబారిందని గ్రహించాలి.

వైరస్ దారి, బ్యాక్టీరియా దారి

న్యుమోకాకస్ అనే బ్యాక్టీరియా తెచ్చే సంప్రదాయ లోబార్ న్యుమోనియాలో దాడి గాలిగది లోపల జరుగుతుంది. గది ప్రోటీన్ ద్రవంతో, తెల్ల రక్తకణాలతో నిండిపోతుంది. ఆ ద్రవం గదుల మధ్య ఉండే సన్నటి రంధ్రాల గుండా పక్క గదుల్లోకి పాకుతూ పోతుంది. రెండు లోబ్‌ల మధ్య ఉండే పొర అడ్డం వచ్చేదాకా ఆగదు. అందుకే ఒకే లోబ్, నిండుగా, గట్టిగా, గీత గీసినట్టున్న అంచుతో తెల్లబడుతుంది. శవపరీక్షల్లో అలాంటి ఊపిరితిత్తి కాలేయంలా గట్టిగా తగులుతుందని 19వ శతాబ్దపు వైద్యులే రాశారు.

కొవిడ్ వైరస్ దారి వేరు. అది గాలిగదుల గోడల్లోని కణాల్లోకి చొరబడుతుంది. ముఖ్యంగా గదులు ముడుచుకుపోకుండా కాపాడే సర్ఫాక్టెంట్‌ను తయారుచేసే రెండో రకం కణాలు దానికి లక్ష్యం. గోడ దెబ్బతిని వాచుతుంది, కేశనాళికల నుంచి ద్రవం కొద్దికొద్దిగా ఊరుతుంది, సర్ఫాక్టెంట్ తగ్గి కొన్ని గదులు ముడుచుకుంటాయి. గాలి తగ్గుతుంది కానీ పూర్తిగా పోదు. ఇది ఒక చోట మొదలై పక్కకు పాకే దాడి కాదు, చాలా చోట్ల ఒకేసారి మొదలవుతుంది. అందుకే మసక మచ్చలు రెండు వైపులా, ఎక్కువగా కింది లోబ్‌లలో, వెనక వైపు, పైపొరకు ఆనుకుని కనిపిస్తాయి.

గోడ దెబ్బ ఎక్కువైతే కథ మారుతుంది. ద్రవం, కణాల శిథిలాలు గదులను నింపేస్తాయి. ప్రోటీన్ పొరలు గదుల లోపలి గోడలకు అంటుకుంటాయి. మసక క్రమంగా గట్టి తెలుపవుతుంది. అంటే వైరస్ కూడా ఒంటరిగా, ఏ బ్యాక్టీరియా సాయం లేకుండానే, కన్సాలిడేషన్ తేగలదు. మసకకూ గట్టి తెలుపుకూ మధ్య, సన్నటి గీతలు అల్లుకుని రాళ్లు పరిచిన బాటలా కనిపించే దశ కూడా ఒకటుంది. దాన్ని క్రేజీ పేవింగ్ అంటారు. మసక మీద, ఊపిరితిత్తిలోని చిన్న విభాగాల మధ్య గోడలు వాచి కనిపించడమే అది.

ప్రాణవాయువు లెక్కలోనూ ఈ తేడా ఉంది. మసక ఉన్న చోటికి గాలి తక్కువగానైనా చేరుతుంది, కాబట్టి మాస్కుతో ఇచ్చే ఆక్సిజన్ అక్కడి రక్తానికి కొంత అందుతుంది. గట్టిపడిన చోట గాలి చొరబడదు. ఆ చోటి గుండా వెళ్లే రక్తం ఎంత ఆక్సిజన్ ఇచ్చినా నల్లగానే తిరిగొస్తుంది. ఆక్సిజన్ పెంచుతున్నా సాచురేషన్ పెద్దగా కదలకపోతే రక్తం గాలిలేని భాగాల గుండా పోతోందని వైద్యులు అనుమానిస్తారు.

రోజుల లెక్క

కొవిడ్ సీటీ మార్పులు లక్షణాలు మొదలైన రోజును బట్టి నడుస్తాయని 2020 తొలి నెలల్లోనే తేలింది. చైనాలో 121 మంది స్కాన్లు పరిశీలించిన ఒక అధ్యయనంలో, లక్షణాలు మొదలైన రెండు రోజుల లోపు స్కాన్ తీయించుకున్న 36 మందిలో 20 మందికి, అంటే 56 శాతానికి, స్కాన్ మామూలుగానే ఉంది. రెండో రోజు స్కాన్ బాగుందంటే జబ్బు లేదని కాదు, జబ్బు ఊపిరితిత్తి దాకా ఇంకా రాలేదని మాత్రమే. భయంతో తొలి రోజుల్లోనే స్కాన్‌కు పరుగెత్తినవారిలో చాలామందికి దొరికింది ఇలాంటి అబద్ధపు ధైర్యమే. 2021 మే మొదట్లో అప్పటి ఎయిమ్స్ డైరెక్టర్ రణ్‌దీప్ గులేరియా స్వల్ప లక్షణాలున్నవారు అనవసరంగా సీటీ తీయించుకోవద్దని హెచ్చరించారు. ఒక స్కాన్ 300 నుంచి 400 ఎక్స్‌రేలకు సమానమని ఆయన చెప్పిన లెక్కను రేడియాలజిస్టుల సంఘం ఒప్పుకోలేదు. నేటి యంత్రాలు వాడే రేడియేషన్ చాలా తక్కువని వారి వాదన. ఆ లెక్క సంగతి ఎలా ఉన్నా, తొలి రోజుల స్కాన్ చెప్పగలిగేది తక్కువన్నది మాత్రం నిలిచింది.

మరో అధ్యయనం 21 మంది రోగులకు మళ్లీ మళ్లీ స్కాన్ తీసి నాలుగు దశలు గుర్తించింది. మొదటి నాలుగు రోజులు చిన్న చిన్న మసక మచ్చలు. ఐదు నుంచి ఎనిమిదో రోజు దాకా మసక విస్తరించి క్రేజీ పేవింగ్ తోడవుతుంది. తొమ్మిది నుంచి పదమూడో రోజు దాకా పతాక దశ, అప్పుడు కన్సాలిడేషన్ ఎక్కువ. పద్నాలుగో రోజు నుంచి కరగడం మొదలవుతుంది. వారి అంచనాలో తీవ్రత గరిష్ఠానికి చేరేది సుమారు పదో రోజున. ఆ 21 మందీ మరీ విషమించినవారు కాదన్నది గుర్తుంచుకోవాలి. వెంటిలేటర్ దాకా వెళ్లినవారిలో ఈ క్రమం ఇంత చక్కగా నడవదు.

ఈ క్రమంలో అందరూ మిస్సయ్యే విషయం చివరి దశలో ఉంది. గట్టి తెలుపు కరిగేటప్పుడు అది ఒక్కసారిగా నల్లబడదు. ముందు మసకగా మారుతుంది. పైగా పలచబడుతూ కొంత విస్తరించినట్టు కూడా కనిపించవచ్చు. అంటే నాలుగో రోజు మసక జబ్బు ముందుకు పోతున్నదానికి గుర్తు, ఇరవయ్యో రోజు మసక జబ్బు వెనక్కు తగ్గుతున్నదానికి గుర్తు. తెర మీద రెండూ ఒకేలా ఉండవచ్చు. తేదీ రాయని స్కాన్ చూసి మసక మంచిదా చెడ్డదా అని అడిగితే జవాబు లేదు.

రెండు ఉదాహరణలు, ఒకే స్కోరు పట్టిక

25 మార్కుల స్కోరు ఎలా వేస్తారో ముందు చూద్దాం. కుడివైపు మూడు లోబ్‌లు, ఎడమవైపు రెండు. ఒక్కో లోబ్‌లో జబ్బు ఆక్రమించిన భాగం 5 శాతం లోపుంటే 1, పావు వంతు దాకా 2, సగం లోపు 3, ముప్పావు దాకా 4, అంతకు మించితే 5. ఐదింటినీ కూడితే స్కోరు. ఈ పట్టికలో మసకకూ గట్టి తెలుపుకూ తేడా లేదు. విస్తీర్ణమే లెక్క, సాంద్రత లెక్కలోకి రాదు.

వార్డుల్లో తరచూ కనిపించే తీరును కలిపి అల్లిన ఉదాహరణ ఇది, ఏ ఒక్కరి కథా కాదు. 54 ఏళ్ల వ్యక్తి, మధుమేహం ఉంది. జ్వరం వచ్చిన ఐదో రోజున సాచురేషన్ 95. సీటీలో రెండు కింది లోబ్‌లలో పైపొరకు ఆనుకుని గుండ్రటి మసకలు. పై లోబ్‌లకు 1 చొప్పున, కుడి మధ్య లోబ్‌కు 1, కింది లోబ్‌లకు 2 చొప్పున, మొత్తం 7. పదో రోజుకు ఆయాసం పెరిగి సాచురేషన్ 88కి పడింది. ఈసారి పై లోబ్‌లకు 3 చొప్పున, మధ్య లోబ్‌కు 2, కింది లోబ్‌లకు 4 చొప్పున, మొత్తం 16. కింది లోబ్‌ల వెనక భాగం గట్టిపడింది, మిగతా చోట్ల క్రేజీ పేవింగ్. ఆక్సిజన్, డెక్సామెథసోన్ అందాయి, బోర్లా పడుకోబెట్టారు. ఇరవై రెండో రోజున మామూలు గాలి మీద సాచురేషన్ 96. స్కాన్ తీస్తే స్కోరు మళ్లీ 16.

అంకె కదల్లేదని ఇంట్లోవారు కంగారుపడతారు. కానీ రిపోర్టులో రాసింది వేరు: కింది లోబ్‌లలోని గట్టి తెలుపు పోయి లేత మసక మిగిలింది, క్రేజీ పేవింగ్ గీతలు లేవు, అక్కడక్కడ సన్నటి పట్టీలు కనిపిస్తున్నాయి. జబ్బు ఆక్రమించిన విస్తీర్ణం అంతే ఉంది, కానీ ఆ విస్తీర్ణంలోకి గాలి తిరిగొచ్చింది. సాచురేషన్ 88 నుంచి 96కి ఎందుకు పెరిగిందో స్కోరు చెప్పలేదు, సాంద్రత చెబుతుంది.

రెండో ఉదాహరణ 60 ఏళ్ల మహిళ. ఒక్కసారిగా చలి వణుకుతో జ్వరం, ఊపిరి పీల్చినప్పుడల్లా కుడి పక్క పోటు, తుప్పు రంగు కఫం. తెల్ల రక్తకణాలు 21 వేలు. సీటీలో కుడి కింది లోబ్ మొత్తం గట్టి తెలుపు, మధ్యలో ఎయిర్ బ్రాంకోగ్రామ్, పక్కన కొద్దిగా నీరు. మిగతా నాలుగు లోబ్‌లు శుభ్రం. ఈమెకు ఆ పట్టిక వాడితే స్కోరు 25కి 5, స్వల్పం అనిపిస్తుంది. ఇది బ్యాక్టీరియా న్యుమోనియా తీరు. కొవిడ్ కోసం చేసిన పట్టిక ఇక్కడ పనికిరాదు. రక్తపోటు పడిపోతే ఈమె మొదటి రోగి కంటే ముందే ఐసీయూకి చేరవచ్చు. ఈమెకు వెంటనే కావలసింది యాంటీబయాటిక్.

వైరల్ జబ్బులో గట్టి తెలుపు కనబడితే

అసలు కష్టం ఈ రెండు ఉదాహరణల మధ్యలో ఉంది. కొవిడ్ అని తేలిన రోగికి రెండో వారంలో కొత్తగా కన్సాలిడేషన్ వస్తే దానికి ప్రధానంగా మూడు వివరణలు ఉంటాయి, మూడింటికీ వైద్యం వేరు.

మొదటిది, వైరస్ తెచ్చిన గాయమే ముదరడం. రెండు వైపులా, కింద, వెనక, మసక ఉన్న చోట్లే గట్టిపడుతుంది. ఆయాసం దానికి తగ్గట్టే పెరుగుతుంది.

రెండోది, ఆర్గనైజింగ్ న్యుమోనియా. ఇది గాయానికి ఊపిరితిత్తి చేసే మరమ్మతు, ఆ మరమ్మతు అతి కావడం. గాలిగదుల్లో, చిన్న వాయునాళాల్లో పీచు కణజాలపు మొగ్గలు పెరుగుతాయి. సీటీలో పైపొర వెంబడి లేదా వాయునాళాల వెంబడి పట్టీల్లా గట్టి తెలుపు కనిపిస్తుంది. కొన్నిసార్లు మధ్యలో మసక, చుట్టూ గట్టి ఉంగరం వస్తుంది, దాన్ని రివర్స్‌డ్ హాలో అంటారు. ఇది సాధారణంగా స్టెరాయిడ్లకు లొంగుతుంది. 2021లో మన దగ్గర ఈ ఉంగరం గుర్తుకు ఇంకో భయం తోడైంది. మధుమేహం ఉండి, స్టెరాయిడ్లు వాడినవారి ఊపిరితిత్తుల్లో మ్యూకర్ ఫంగస్ కూడా ఇదే ఉంగరాన్ని చూపగలదు. అక్కడ స్టెరాయిడ్ పెంచితే ప్రాణం మీదికొస్తుంది. కాబట్టి ఉంగరం కనబడితే రోగి చక్కెర, వాడిన మందులు, ముక్కు, కళ్ల లక్షణాలు చూడకుండా చిత్రం మీదే నిర్ణయం తీసుకోకూడదు.

మూడోది, బ్యాక్టీరియా వచ్చి చేరడం. 1918 ఇన్‌ఫ్లుయెంజా మరణాల్లో అధిక భాగం వైరస్ వెనకే వచ్చిన బ్యాక్టీరియా న్యుమోనియా వల్లేనని, నాటి శవపరీక్షల నమూనాలను తిరగేసిన పరిశోధకులు 2008లో తేల్చారు. కొవిడ్‌లో చిత్రం వేరుగా తేలింది. 2020లో వెలువడిన ఒక సమగ్ర సమీక్షలో రోగులు ఆసుపత్రికి వచ్చే సమయానికే బ్యాక్టీరియా ఉన్నది సుమారు 3.5 శాతానికి, తర్వాత చేరింది సుమారు 14 శాతానికి. యాంటీబయాటిక్ మాత్రం 70 శాతానికి పైగా రోగులు పొందారు. ప్రతి గట్టి తెలుపునూ బ్యాక్టీరియాగా చదివే అలవాటు దీనికి ఒక కారణం.

మరి బ్యాక్టీరియాను ఎప్పుడు నిజంగా అనుమానించాలి? తగ్గిన జ్వరం మళ్లీ వచ్చినప్పుడు, కఫం చిక్కబడి రంగు మారినప్పుడు, పాత మసకతో సంబంధం లేని కొత్త చోట ఒకే లోబ్ గట్టిపడినప్పుడు, అందులో గుల్ల ఏర్పడినప్పుడు, పక్కన నీరు చేరినప్పుడు, చిన్న వాయునాళాల చివర మొగ్గల్లాంటి చుక్కలు కనిపించినప్పుడు. తెల్ల రక్తకణాలు, ప్రోకాల్సిటోనిన్ పెరగడం అనుమానాన్ని బలపరుస్తాయి. కొవిడ్‌లో రక్తం గడ్డకట్టే గుణం ఎక్కువ కాబట్టి, పైపొరకు ఆనుకుని త్రికోణంలా ఒంటరిగా గట్టిపడిన చోటు కనిపిస్తే గడ్డ అడ్డుపడి ఆ ముక్క చచ్చిపోయిందేమోనని కూడా చూడాలి. దాన్ని తేల్చడానికి రక్తనాళాల్లోకి మందు ఎక్కించి తీసే సీటీ కావాలి, మామూలు హెచ్‌ఆర్‌సీటీ చాలదు.

మసక అంతా వైరస్ కాదు, వైరస్‌లన్నీ ఒకటి కాదు

వూహాన్‌లో 1014 మంది మీద చేసిన ఒక పెద్ద అధ్యయనం 2020 ఫిబ్రవరిలో సంచలనం రేపింది. ఆర్‌టీ-పీసీఆర్ పాజిటివ్ వచ్చినవారిలో 97 శాతాన్ని సీటీ పట్టుకుందని అది చెప్పింది. అదే పత్రంలో ఉన్న రెండో అంకె అంతగా ప్రచారం కాలేదు: పీసీఆర్ నెగెటివ్ వచ్చినవారిలో కేవలం 25 శాతానికే జబ్బు లేదని సీటీ చెప్పగలిగింది. అంటే పీసీఆర్‌ను ప్రమాణంగా తీసుకుంటే జబ్బు లేని వందమందిలో 75 మందికి అది ఉన్నట్టు సీటీ చూపించింది. ఆ 75లో కొందరికి నిజంగా కొవిడ్ ఉండి పీసీఆరే తప్పి ఉండవచ్చు. అయినా ఇంకో సంగతి మిగులుతుంది. ఊరంతా ఒకే వైరస్ ఉన్నప్పుడు ఏ మసకైనా దానిదే కావడానికి అవకాశం ఎక్కువ, ఆ వైరస్ తగ్గాక అదే మసకకు ఆ అర్థం ఉండదు. 2020 మార్చిలోనే అమెరికన్ కాలేజ్ ఆఫ్ రేడియాలజీ కొవిడ్ నిర్ధారణకు సీటీని మొదటి పరీక్షగా వాడవద్దని చెప్పింది.

మసకను తెచ్చే ఇతర కారణాల్లో గుండె బలహీనతతో ఊపిరితిత్తుల్లో నీరు చేరడం చాలా మామూలు. అక్కడ మసక పైపొరను వదిలి మధ్యలో, గుండెకు రెండు వైపులా ఉంటుంది, విభాగాల మధ్య గోడలు నున్నగా ఉబ్బుతాయి, రెండు పక్కలా నీరు చేరుతుంది, గుండె పెద్దదై ఉంటుంది. హెచ్‌ఐవీ రోగులకు వచ్చే న్యుమోసిస్టిస్ న్యుమోనియాలోనూ విస్తారమైన మసకే, కానీ అది తరచూ అంచును వదిలి లోపలి భాగాల్లో ఉంటుంది. ఊపిరితిత్తిలో రక్తస్రావం, అమియోడరోన్, మెథోట్రెక్సేట్ వంటి మందుల ప్రభావం కూడా మసకే చూపిస్తాయి.

వైరస్‌లలోనూ తేడాలున్నాయి. ఇన్‌ఫ్లుయెంజాలో మసక, గట్టి తెలుపు కలిసే ఉంటాయి, వాయునాళాల వెంబడి పరచుకోవడం కనిపిస్తుంది. ఆర్‌ఎస్‌వీ వాయునాళాల జబ్బు కాబట్టి అక్కడ వాచిన నాళాల గోడలు, మొగ్గల్లాంటి చుక్కలు ముందుంటాయి. అడినోవైరస్ మాత్రం ఒక లోబ్‌ను నిండుగా గట్టిపరచి అచ్చం బ్యాక్టీరియాలా కనిపించగలదు. ఆటలమ్మ వైరస్ చిన్న చిన్న గుండ్రటి కణుపులు తెస్తుంది. వైరస్ అంటే మసకే అన్న సూత్రం కొవిడ్ నేర్పినది, దాన్ని అన్నిటికీ వర్తింపజేయలేం.

మిగిలిపోయే మసక

తీవ్ర కొవిడ్ నుంచి కోలుకున్న 114 మందికి ఆరు నెలల తర్వాత స్కాన్ తీసిన ఒక చైనా అధ్యయనంలో 35 శాతానికి మచ్చ కట్టినట్టుండే మార్పులు కనిపించాయి. ఆ పరిశోధకులు వాటిని ఫైబ్రోసిస్ అనకుండా ఫైబ్రోసిస్‌ను పోలిన మార్పులు అనడానికి కారణం ఉంది. ఆర్గనైజింగ్ దశలోని పట్టీలు, ముడతలు తర్వాత నెలల్లో కరిగిపోవచ్చు. నెల తిరగకుండా తీసిన స్కాన్ మీద ఫైబ్రోసిస్ అని రాసి రోగిని భయపెట్టడం తొందరపాటు.

ఆ దశలో తేడా చూపేది మసక కాదు, దాని చుట్టూ ఉన్న ఊపిరితిత్తి. మసకలోని వాయునాళాలు తిన్నగా, మామూలు వెడల్పుతో ఉంటే కరిగే అవకాశం ఎక్కువ. చుట్టూ ఉన్న కణజాలం లాగినట్టు ఆ నాళాలు మెలికలు తిరిగి వెడల్పైతే, లోబ్ కుంచించుకుపోతే, పైపొర కింద చిన్న గుల్లలు వరుస కడితే అది నిలిచిపోయే మచ్చ. ఆయాసం తగ్గకపోతే మూడు నెలల తర్వాత స్కాన్‌తో పాటు ఊపిరితిత్తుల సామర్థ్య పరీక్ష చేయించి చూడటం మెరుగు. అప్పటి స్కాన్‌ను ఒంటరిగా కాకుండా మొదటి స్కాన్ పక్కన పెట్టి చూడాలి, అందుకే పాత చిత్రాల సీడీని పారేయకూడదు.

రిపోర్టులో వెతకాల్సింది

ఇదంతా కలిపి చూస్తే, మంచి సీటీ రిపోర్టు ఐదు సంగతులు చెప్పాలి: లక్షణాలు మొదలై ఎన్ని రోజులైంది, మసక ఎంత, గట్టిపడింది ఎంత, అవి ఎక్కడున్నాయి, వాటితో పాటు నీరు, గుల్ల, ఉంగరం, లాగబడిన నాళాలు ఏమైనా ఉన్నాయా. మొదటి సంగతి రేడియాలజిస్టుకు చెప్పాల్సింది రోగి, అతణ్ని పంపిన డాక్టర్. సూచన చీటీ మీద జ్వరం మొదలైన తేదీ లేకపోతే ఎంత అనుభవజ్ఞులైనా మసక ముందుకు పోతోందో వెనక్కు వస్తోందో చెప్పలేరు. రెండు స్కాన్లుంటే స్కోర్లను పోల్చడం చాలదు, గట్టి తెలుపు మసకగా మారిందా, మసక గట్టిపడిందా అని అడగాలి. మొదటిది జరిగితే అంకె కదలకపోయినా రోగి మెరుగవుతున్నట్టే, రెండోది జరిగితే అంకె చిన్నదైనా సాచురేషన్ మీద కన్నేసి ఉంచాలి. రేడియాలజీలో ప్రమాణ నిర్వచనాలున్నా, రెండు తెలుపులూ కలగలిసిన చోట ఒకే చిత్రాన్ని చూసిన ఇద్దరు నిపుణుల అంచనాల్లో కొంత తేడా రావడం సహజం. అందుకే చివరి నిర్ణయం చిత్రాన్ని, తేదీని, మంచం పక్కన నిలబడి చూసిన మనిషిని కలిపి తీసుకునేదే.